నొప్పి తగ్గింది, చీము పోలేదు

చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో పంటినొప్పి దాదాపు ఒకే తీరుగా ముదురుతుంది. ఇక్కడ చెప్పబోయేది ఏ ఒక్క మనిషి కథా కాదు, ఇలా వచ్చేవాళ్లు చాలామంది నడిచిన దారి. నలభై అయిదేళ్ల రైతు అనుకుందాం. కింది దవడలో చివరి పన్నుకు ముందుది ఏడాదిగా పుచ్చి ఉంది. మెతుకు ఇరుక్కుంటే అగ్గిపుల్లతో తీసుకుంటాడు, చల్లనీళ్లు తగిలితే అటువైపు తాగడం మానేస్తాడు. పత్తి ఏరే రోజుల్లో ఒక రాత్రి ఆ పన్ను నిద్రపోనివ్వలేదు. లవంగనూనె దూదితో పెట్టాడు, గంటసేపు మొద్దుబారింది. తెల్లారి ఊళ్లోని ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని, మూడు రోజులకు గోలీలు తెచ్చుకున్నాడు.

మర్నాటికి నొప్పి సగానికి సగం తగ్గింది. అయితే బుగ్గ ఉబ్బింది. మూడో రోజుకు ఆ ఉబ్బు కూడా దిగింది. "ఇగ నయమైంది, కరీంనగర్ పోయుడెందుకు" అన్నాడు ఇంట్లో. మిగిలిన గోలీలు మరోసారికి దాచాడు. మూడు వారాల తర్వాత వాపు మళ్లీ వచ్చింది. ఈసారి బుగ్గ మీద కాదు, దవడ ఎముక కింద, గొంతు వైపు. సాయంత్రానికి జ్వరం, చలి. నోట్లోకి ఒక్క వేలు మాత్రమే పడుతోంది. రాత్రి పడుకోబోతే ఊపిరాడక లేచి కూర్చున్నాడు. ఉమ్మి మింగలేక తువాలలోకి కారుస్తున్నాడు.

ఈ మనిషికి ఆ మూడు వారాల్లో ఒక్క పూట కేటాయిస్తే పోయేది ఒక పన్ను. ఇప్పుడు సంగతి ప్రాణం దాకా వచ్చింది. అతన్ని ఇంట్లో ఆపింది నొప్పి కాదు, నొప్పి తగ్గడం. అందుకే అది ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి.

పన్ను లోపల నరమూ రక్తనాళాలూ ఉండే మెత్తటి గుజ్జు గట్టి గదిలో బంధించి ఉంటుంది. పుప్పి అక్కడిదాకా వెళ్తే ఆ గుజ్జు వాస్తుంది, కానీ వాయడానికి చోటు ఉండదు. ఆ ఒత్తిడే రాత్రి పూట ప్రాణం తీసే నొప్పి. కొన్నాళ్లకు గుజ్జు చచ్చిపోతుంది. నరం చచ్చాక చల్లదనం తగిలినా జివ్వుమనదు. ఇది మొదటి ఉపశమనం, మందు లేకుండానే వస్తుంది. లోపలి సూక్ష్మజీవులు మాత్రం చావవు. వేరు కొనలోంచి బయటికొచ్చి దవడ ఎముకను తొలుస్తాయి, అక్కడ చీము పడుతుంది. అప్పుడు పన్ను కాస్త పైకి లేచినట్టు, పళ్లు కలిపితే ముందు అదే తగులుతున్నట్టు అనిపిస్తుంది. చీము ఎముకను దాటి దాని పైపొర కింద చేరినప్పుడు నొప్పి తారస్థాయికి వెళ్తుంది. ఆ పొర కూడా తెగి మెత్తటి కండలోకి దిగిన రోజు, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి హాయిగా అనిపిస్తుంది. బుగ్గ ఉబ్బేదీ అప్పుడే. నొప్పి తగ్గి వాపు వచ్చిందంటే, జబ్బు ఎముక దాటి మెత్తని భాగాల్లోకి వచ్చిందని అర్థం.

చిగురు మీద చిన్న పొక్కులా లేచి చితికి, నోట్లోకి చీము కారిపోయే వాళ్లదీ ఇదే పరిస్థితి. దారి దొరికింది కాబట్టి నొప్పి ఉండదు. ఆ దారి మూసుకున్నప్పుడల్లా వాపు మళ్లీ మొదలవుతుంది.

ఇక గోలీల సంగతి. యాంటీబయాటిక్ రక్తంతో పాటు వెళ్లి పనిచేస్తుంది. గుజ్జు చచ్చిన పన్నులోకి రక్తం వెళ్లదు, చీముగడ్డ నడిమధ్యకూ సరిగా చేరదు. కాలువ తెగిన మడికి ఎగువన ఎంత నీళ్లు వదిలినా ఒకటే కదా. చుట్టూ కండల్లో పాకుతున్న ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, వాపు దిగుతుంది, పంటి లోపలి మూలం మాత్రం అలాగే ఉంటుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం ఇదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు, పంటి వైద్యం వెంటనే అందుబాటులో ఉంటే, చాలా పంటినొప్పులకు యాంటీబయాటిక్ అవసరమే లేదు. చీముగడ్డతో పాటు జ్వరం, నీరసం ఉంటే తప్పక ఇవ్వాలి, అదీ పంటి వైద్యంతో పాటు. డెంటిస్టు ఆ రోజే దొరకని చోట చీముగడ్డకు మందు మొదలుపెట్టడాన్ని కూడా ఆ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. కాబట్టి ఊళ్లో గోలీ ఇవ్వడమే తప్పని నేననను. గోలీ ఇచ్చి "రేపే పోయి పన్ను చూపించుకో" అనకపోవడం తప్పు.

సూది గురించి వేరుగా చెప్పాలి. డైక్లోఫెనాక్‌తో కలిపి డెక్సామెథసోన్ వేస్తే వాపు గంటల్లో దిగుతుంది, మనిషికి నమ్మకం కుదురుతుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. వాపును తగ్గిస్తుంది గానీ సూక్ష్మజీవిని చంపదు, పైగా దానితో పోరాడే శరీర శక్తిని అణుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర ఎగదోస్తుంది. మా రైతు లాంటి వాళ్లలో తమకు షుగర్ ఉందని తెలియనివాళ్లు ఎందరో. దవడ వాచి వచ్చిన ప్రతి మనిషికీ ఆ పూటే షుగర్ చూడాలి. షుగర్ అదుపులో లేని ఒంట్లో ఇదే చీము వేగంగా పాకుతుంది.

వాపు ఏ వైపు సాగుతుందనేది ఏ పన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది. నోటి అడుగున, నాలుక కింద, పరుపులా ఒక కండరం దవడ ఎముకకు అంటుకుని ఉంటుంది. కింది చివరి రెండు దవడపళ్ల వేళ్ల కొనలు సాధారణంగా ఆ కండరానికి కిందుగా దిగి ఉంటాయి. అక్కడి చీము లోపలివైపు ఎముకను తొలిస్తే నోట్లోకి రాదు, నేరుగా దవడ కిందికి, మెడలోకి దిగుతుంది. రెండు పక్కలా పాకి నాలుక అడుగంతా చెక్కలా గట్టిపడితే నాలుక పైకీ వెనక్కీ నెట్టుకుపోయి శ్వాసదారిని మూస్తుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు 1836లో ఈ స్థితిని వర్ణించాడు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే లుడ్విగ్స్ యాంజైనా అంటారు. పేరులో యాంజైనా ఉన్నా దీనికీ గుండెకూ సంబంధం లేదు. ఇందులో మనిషి ఎక్కువగా పోయేది చీముతో కాదు, ఊపిరాడక.

ఈ జబ్బు మీద అమెరికాలో వచ్చిన రెండు పాత నివేదికలను పక్కపక్కన పెట్టి చదవాలి. 1940లో వచ్చిన దాంట్లో నూటికి 54 మంది చనిపోయారు. మూడేళ్ల తర్వాత, 1943లో వచ్చిన ఇరవై కేసుల నివేదికలో ఆ సంఖ్య నూటికి పది. కేసులు కొద్దే, నిజమే. కానీ పెన్సిలిన్ ఇంకా సామాన్యులకు అందని రోజులవి. తేడా తెచ్చింది ముందుగా శ్వాసదారి చూసుకోవడం, ఆలస్యం చేయకుండా కోసి చీము తీయడం. ఈనాటికీ ఈ జబ్బుకు వైద్యం ఆ వరుసలోనే నడుస్తుంది.

పై పళ్లూ తక్కువవి కావు. కోరపంటి చీము ముక్కు పక్కనుంచి కంటి కిందికి పాకుతుంది. అక్కడి సిరలకు పుర్రె లోపలి సిరలతో సంబంధం ఉంది. 2007లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పన్నెండేళ్ల పిల్లవాడు పంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. రెండు ఆపరేషన్లు, వారాల ఆసుపత్రి వాసం, సుమారు రెండున్నర లక్షల డాలర్ల ఖర్చు. ఆ పన్ను తీయించడానికి అయ్యేది 80 డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి.

"వాపు మీద పన్ను తీయొద్దు" అన్న మాట రోగుల్లోనే కాదు, కొందరు డాక్టర్లలోనూ ఉంది. అయిదు రోజులకు మందు రాసి, తగ్గాక రమ్మంటారు. తగ్గాక ఎవరూ రారు. వాపు ఉండగా పన్ను తీస్తే ఇన్ఫెక్షన్ పాకుతుందన్న భయం నిలవలేదని దశాబ్దాల అనుభవమూ, అధ్యయనాలూ చూపించాయి. చీము బయటికొచ్చిన మనిషే తొందరగా కోలుకుంటాడు. అసలు ఇబ్బంది వేరే ఉంది: చీము పట్టిన చోట కండ ఆమ్లంగా మారి, మత్తుమందు సరిగా ఎక్కదు. దానికి దూరంగా నరం మొదట్లో మత్తు ఇస్తారు. నోరు బొత్తిగా తెరుచుకోకపోతే ముందు కోసి చీము తీస్తారు. పన్ను నిలిచేదయితే పీకకుండా పైనుంచి తెరిచి రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఏదైనా సరే, మూలానికి దారి చేయడమే వైద్యం. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న మాటకూ ఆధారం లేదు. పంటి పురుగు తీస్తామని తిరిగేవాళ్లు చూపించే పురుగు ఏ పంటిలోదీ కాదు, అది చేతివాటం.

వెళ్లేదాకా ఓర్చుకోవడానికి చేయగలిగింది కొంత ఉంది. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 500, ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు కలిపి తిన్న తర్వాత వేసుకుంటే పంటినొప్పికి బాగా పనిచేస్తాయి, ఆరేడు గంటల ఎడంతో. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. డైక్లోఫెనాక్ వేసుకుంటూ దానికి తోడు ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు. బుగ్గ మీద బయటినుంచి కాపడం పెట్టవద్దు, పొక్కును సూదితో గుచ్చవద్దు, చిగురు మీద ఆస్పిరిన్ పెట్టవద్దు, అది చిగురును కాలుస్తుంది.

దవడ వాచినా జ్వరం లేక, నోరు మూడు వేళ్ల వెడల్పు తెరుచుకుంటూ, మింగడం బాగుంటే ఆ రోజో మర్నాడో డెంటిస్టును చూడాలి. కరీంనగర్ ఇరవై కిలోమీటర్ల లోపే, ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగం ఉంది. వాపు దవడ కిందికో కంటి వైపుకో పాకినా, నోరు రెండు వేళ్లు కూడా పట్టకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా డెంటల్ క్లినిక్ చాలదు. మత్తు డాక్టరు, ఆపరేషన్ గది ఉన్న పెద్దాసుపత్రికి అప్పుడే, అర్ధరాత్రయినా సరే, 108లో వెళ్లాలి. ఫోన్‌లో పంటినొప్పి అనకండి, మింగలేకపోతున్నాడు, శ్వాస ఇబ్బందిగా ఉందని చెప్పండి. దారిలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

గోలీలతో వాపు దిగిన వాళ్లకు ఒక్క మాట: ఈ వారంలోనే వెళ్లి పన్ను తీయించుకోండి, లేదా రూట్ కెనాల్ మొదలుపెట్టించుకోండి.