తలుపు కింద దూకే నీరు

కాలువ మీద లాకుల దగ్గర ఇనప తలుపులు ఉంటాయి, మీరు చూసే ఉంటారు. చక్రం తిప్పి తలుపును కొంచెం పైకెత్తితే కింది సందులోనుంచి నీరు దూకుతుంది. తలుపుకు ఎగువన నీరు లోతుగా, నిదానంగా ఉంటుంది. దిగువన పలచగా, అద్దంలాగా నున్నగా, మహా వేగంగా పోతుంది. కొంత దూరం పోయాక ఉన్నట్టుండి నురగలు కక్కుతూ పైకి లేచి, మళ్ళీ నిదానిస్తుంది. ఎందుకిలా?

ఒక లెక్క చేసి చూద్దాం. ఎగువన లోతు 2 మీటర్లు, దిగువన అర మీటరు అనుకోండి. (తలుపును అర మీటరే ఎత్తారనుకునేరు! సందు దాటాక కూడా నీటి ధార సన్నబడుతుంది. అర మీటరు ధార కావాలంటే సుమారు 80 సెంటీమీటర్ల సందు ఉండాలి.) కాలువ అడుగు చదునుగా ఉన్నదనీ, రాపిడి లేదనీ అనుకుందాం.

ఎగువన సెకండుకు ఎంత నీరు వస్తే దిగువన అంతే పోవాలి గదా! లోతు నాలుగో వంతు అయింది కనక వేగం నాలుగు రెట్లు కావాలి.

ఇప్పుడు శక్తి పద్దు చూద్దాం. నీటికి ఎత్తువల్ల కొంత శక్తి, వేగంవల్ల కొంత శక్తి ఉంటాయి. వేగాన్ని కూడా ఎత్తుగా చెప్పవచ్చు. ఆ వేగంతో రాయిని పైకి విసిరితే ఎంత ఎత్తు పోతుందో అంత అన్నమాట. వేగం నాలుగు రెట్లయితే ఈ ఎత్తు పదహారు రెట్లవుతుంది, అంటే పదిహేను వంతులు పెరుగుతుంది. ఆ పదిహేను వంతులూ ఎక్కడివి? లోతు తగ్గిన ఒకటిన్నర మీటరే! కాబట్టి ఒక వంతు 0.1 మీటరు. అంత ఎత్తుకు రాయి పోవాలంటే సెకండుకు 1.4 మీటర్ల వేగం కావాలి. అదే ఎగువన నీటి వేగం. దిగువన 5.6 మీటర్లు. పద్దు సరిపోయింది: ఎగువన 2, 0.1 కలిపి 2.1, దిగువన 0.5, 1.6 కలిపి 2.1.

రెండో పద్దు తోపుది. దీన్ని ద్రవ్యవేగపు పద్దు అంటారు. కాలువ వెడల్పులో ఒక్క మీటరు తీసుకుందాం. రెండు మీటర్ల లోతు నీరు తన బరువుతో 2 టన్నుల తోపు తోస్తుంది. దాని పరుగువల్ల మరో 0.4 టన్ను. మొత్తం 2.4. దిగువన బరువువల్ల 0.125, పరుగువల్ల 1.6, మొత్తం 1.725 టన్నులే. మిగతా 0.675 టన్ను ఏమయింది? తలుపు అడ్డు నిలిచి ఆపింది! అంటే ప్రతి మీటరు వెడల్పుకూ 675 కిలోల బరువంత తోపు తలుపు మీద పడుతున్నదన్నమాట. తలుపు చేసేవారికి కావలసిన లెక్క ఇదే.

ఇక ఆ నురగల సంగతి. దిగువన అడ్డుకునే తలుపేమీ లేదు. అందుచేత తోపు 1.725గానే ఉండాలి. చిత్రమేమంటే, అదే నీటికి అదే తోపు ఇచ్చే లోతు ఇంకొకటి కూడా ఉన్నది. లెక్క కడితే 1.56 మీటర్లు వస్తుంది. నీరు గెంతేది ఆ లోతుకే. అక్కడ శక్తి పద్దు చూస్తే సుమారు 1.72 మీటర్లే! 0.38 మీటరు నురగలోనూ సుడులలోనూ ఖర్చయి, చివరకు వేడి అయిపోయింది. అందుకే గెంతు దగ్గర శక్తి పద్దును నమ్మరాదు. ఫ్రెంచి ఇంజనీరు బెలాంజే కూడా 1828లో శక్తి పద్దుతోనే గెంతును లెక్కకట్టాడు. 1841 నాటికి తోపు పద్దుతో దిద్దుకున్నాడు.

కాలువలో ముందునుంచీ ఉన్న నీటి లోతు 1.56 కంటే తక్కువైతే, గెంతు దూరంగా జరిగిపోతుంది. వేగం తగ్గని ధార రాతికట్టు దాటి మట్టి మీద పడితే అడుగు కోసుకుపోయి గుంటలు పడతాయి. అందుకే లాకు దిగువన కొంతదూరం రాళ్ళు, సిమెంటు పరుస్తారు. లోతు ఎక్కువైతే గెంతు వెనక్కి వచ్చి తలుపును మింగుతుంది. అప్పుడు నున్నటి ధార కనిపించదు, తలుపు ఆనుకునే నీరు సుడులు తిరుగుతుంది. అదే సందులోనుంచి వచ్చే నీరు తగ్గిపోతుంది. పైన చేసిన లెక్క అక్కడ పనికిరాదు.

లాకు దగ్గరికి పోనక్కరలేదు, కుళాయి కింద పళ్ళెం బోర్లించి చూడండి. ధార పడినచోట నీరు పలచగా పరుచుకుని, కొంత దూరాన గుండ్రటి గట్టులాగా లేస్తుంది. ఆ గట్టు గెంతే. కుళాయి తిప్పి ధార పెంచితే గట్టు ఎటు జరుగుతుందో కొలిచి రాసుకోండి.