పువ్వు తెచ్చినవాడు ఏమడిగాడు?

2022 సంక్రాంతి రోజులు. గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉండగా, ఒక కౌలురైతు వచ్చి కాగితం పొట్లంలోంచి నాలుగు మిరపపూలు తీసి నా ముందు పెట్టాడు. నేను వ్యవసాయం చదివినవాణ్ణని ఊరందరికీ తెలుసు. ఆయన మాత్రం ఏమీ అడగలేదు.

పువ్వును తెల్లకాగితంపై తట్టాను. నల్లని సన్నటి పురుగులు పరుగెత్తాయి. మనకు అలవాటైన తామరపురుగు పసుపురంగుది. లేతాకులను గీకి పైముడత తెస్తుంది. ఇది 2021 చివర మన మిరపతోటలను ముంచెత్తిన కొత్త జాతి. పూలలో గుంపుగా చేరి పూత రాల్చేస్తుంది. అందువల్ల ఆయన మందు పేరు అడుగుతున్నాడనుకుని, సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే ఉధృతి పెరుగుతుందనీ, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమనీ ఏకబిగిన చెప్పుకుపోయాను.

ఆయన మోతాదు అడగలేదు, ధర అడగలేదు. పూలను మళ్ళీ పొట్లం కట్టసాగాడు. నా ఊహ తప్పిందనడానికి అంతకన్నా గుర్తు అక్కరలేదు. అక్కడ రెండు దారులుంటాయి. చెప్పిందే ఇంకాస్త గట్టిగా చెప్పడం ఒకటి, క్షమాపణల ఉపన్యాసం ఇంకొకటి. రెండూ ఎదుటివాడి పొద్దు తినేవే.

"మందు కోసం వచ్చావనుకున్నాను బాబాయ్. తోట ఉంచాలా, తీసెయ్యాలా అన్నదా నీ ఆలోచన?" అన్నాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు.

ఇద్దరం చేనుకు వెళ్ళాం. నాలుగు మూలలా, నడుమా మొక్కలు చూశాం. పూలను లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అవి రాలిపోయేవే. నిలిచిన కాయనే లెక్కించాం. కిందికొమ్మల్లో ఓ కోతకు సరిపడా కాయ ఉంది, పైకొమ్మలు బోసిగా ఉన్నాయి. ఇక కొట్టే ప్రతి మందూ రాని కాయకు పెట్టే ఖర్చే. ఉన్న కాయ విలువ కోతకూలికి మించితే ఆ కోత కోసుకుని, తోట పీకి, నీరున్నంత మేర జొన్న వేసుకోవడం మేలని తేల్చాం. కోతకూలి కూడా రాకపోతే ఆ కోతకూ ఆగకూడదు.

తిరిగి వస్తుంటే ఆయన నెమ్మదిగా అన్నాడు: "ఇదే మాట మా ఆసామితో చెబుతావా అబ్బాయ్? కౌలు కొంత ఆగమంటే, సరిగా చేయక పోగొట్టావంటున్నాడు."

అంటే నా రెండో ఊహ కూడా సగమే నిజం. తోట పని అయిపోయిందని ఆయనకు ముందే తెలుసు. కావలసింది సాక్ష్యం. అయినా ఆ సగమే ఆయన చేత నోరు విప్పించింది. అడగని అవసరాన్ని ఊహించడంలో తప్పు లేదని నా అభిప్రాయం. మొదటి ఊహను ఒక్క వాక్యంలో వదిలేసి, ఎదుటివాడు "అవును" అనో "కాదు" అనో అనగలిగేలా రెండోదాన్ని ముందుంచాలి. అవసరం బయటపడేది అక్కడే.

ఆ సాయంత్రమే ఆ పూలపొట్లం పట్టుకుని ఆసామి ఇంటికి వెళ్ళాం.