రద్దు చేసే చేయి ఎవరిది?

మాలూరు తాలూకా టేకల్ చుట్టుపక్కల పల్లెల్లో నలుగురికీ ఒక కబురు చేరాలంటే డైరీ దగ్గర చెప్పాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోయడానికి ఇంటికొకరు అక్కడికి రాక తప్పదు. గాలికుంటు టీకా ఎప్పుడు వేస్తారు, దాణా మూటలు వచ్చాయా, పాల బిల్లు ఏ రోజు ఇస్తారు అన్నీ అక్కడే తెలుస్తాయి. అయితే క్యాను పట్టుకొచ్చేది ఇంట్లో పిల్లవాడు. ఆవుల సంగతి చూసుకునే తల్లికి ఆ కబురు చేరుతుందో లేదో వాడి జ్ఞాపకశక్తిని బట్టి ఉంటుంది. ఇక టేకల్ స్టేషన్‌లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కి రాత్రికి ఇల్లు చేరే కొడుకు డైరీ గోడ చూసే వేళ ఆదివారమే.

దీనికి అందరూ చేసే పని వాట్సాప్ గ్రూపు పెట్టడం. వారం తిరక్కుండానే అందులో గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు, ఏదో పార్టీ వీడియో వచ్చి చేరతాయి. టీకా కబురు వాటి కింద పడిపోతుంది. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేయొచ్చు, నిజమే. కానీ పాలు పోసే ఆడవాళ్ల నంబర్లన్నీ ఊళ్లో అందరి ఫోన్లలోకీ వెళ్తాయి. టెలిగ్రామ్ 2015లో తెచ్చిన చానెల్‌లో ఆ ఇబ్బంది లేదు. అడ్మిన్లు రాస్తారు, మిగతావాళ్లు చదువుతారు, చదివేవాళ్లు ఒకరికొకరు కనిపించరు. ఈ రోజు చేరినవాళ్లు కూడా నిన్నటి, మొన్నటి ప్రకటనలు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

చానెల్ తెరవడం చిన్న పని. యాప్‌లో New Channel నొక్కి, పేరు పెట్టి, పబ్లిక్కా ప్రైవేటా చెప్పాలి. డైరీ ప్రకటనల్లో దాచవలసింది ఏమీ ఉండదు కాబట్టి పబ్లిక్కే మంచిది. అప్పుడు t.me/ తర్వాత మనం ఎంచుకున్న పేరుతో ఒక శాశ్వత చిరునామా వస్తుంది. ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కనీసం ఐదు ఉండాలి. అదే చిరునామాను t.me/s/ అని మొదలుపెట్టి బ్రౌజర్‌లో కొడితే టెలిగ్రామ్ లేనివాళ్లు కూడా ప్రకటనలు చదవొచ్చు. ఒక్క జాగ్రత్త. ఆ పేరును గోడ మీద పెయింట్‌తో రాయించాక మార్చకూడదు. మారిస్తే పాత పేరును ఇంకెవరైనా తీసుకుని, మీ గోడ మీది చిరునామాతోనే అప్పుల యాప్ ప్రకటనలు నడపొచ్చు. అలాగే ఎవరికి ఎంత పాల బిల్లు పడిందో అనే జాబితా ఏ చానెల్‌లోనూ పెట్టొద్దు. అది ఆ ఇంటివాళ్ల సంగతి.

అసలు తెలివి చూపవలసింది అడ్మిన్ల దగ్గర. మన సొసైటీల్లో ప్రెసిడెంటుకు, డైరెక్టర్లందరికీ మర్యాద కోసం అడ్మిన్ హోదా ఇచ్చేస్తారు. టెలిగ్రామ్ 50 మంది దాకా ఒప్పుకుంటుంది. డైరీకి ముగ్గురు చాలు. సెక్రటరీ, పాలు పరీక్షించే టెస్టరు, ఫోను బాగా తెలిసిన ఒక చదువుకున్న అమ్మాయో అబ్బాయో. ఒక్కొక్కరికీ ఏ అధికారం ఇవ్వాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. ముగ్గురికీ Post Messages ఇవ్వండి. ఇతరులు రాసినదాన్ని దిద్దే Edit Messages of Others కూడా ముగ్గురికీ ఉండాలి. కబురు వేసినవాడు పొలంలో ఉంటే, తప్పు దిద్దడానికి అతని కోసం ఎదురుచూడకూడదు కదా. Add New Admins మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలి. ఎవరు ఏం మార్చారన్నది Recent Actions లో 48 గంటల దాకా కనిపిస్తుంది. తగాదా వస్తే రెండు రోజుల్లోపే చూసుకోవాలి.

ఓనరు సంగతి ఇంకొంచెం సున్నితం. చానెల్ ఎవరి నంబరు మీద తెరిస్తే వాళ్లే ఓనరు. సెక్రటరీ సొంత నంబరు మీద తెరిస్తే, ఆయన పదవి దిగి అలిగిన రోజున చానెల్ కూడా ఆయనతో పోతుంది. సొసైటీ పేరున ఒక సిమ్ తీసుకుని దానిమీద తెరవండి, దానికి రీచార్జి మానొద్దు. ఆగిపోయిన నంబరును కంపెనీ కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తుంది. అందుకే రెండో తాళంగా Two-Step Verification పాస్‌వర్డు కూడా పెట్టాలి. చానెల్‌ను మరొకరికి అప్పగించాలన్నా ఆ పాస్‌వర్డు పెట్టి ఏడు రోజులైనా అయి ఉండాలి. పదవి దిగే రోజున గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

ఇక జనాన్ని చేర్చడం. ఓనరు తన కాంటాక్టుల నుంచి మొదటి 200 మందిని తానే చేర్చవచ్చు. కానీ అడక్కుండా చేరిస్తే మరుసటి రోజే సగం మంది మ్యూట్ చేస్తారు. లింకు ఇచ్చి వాళ్లంతట వాళ్లను రానివ్వడమే మేలు. గోడ మీది చిరునామాతో పాటు Invite Links లో ఎన్ని లింకులైనా తయారుచేసి, ఒక్కోదానికి అడ్మిన్లకు మాత్రమే కనిపించే పేరు పెట్టుకోవచ్చు. సొసైటీకి మూడు పల్లెల నుంచి పాలు వస్తుంటే మూడు లింకులు చేసి, ఆ పల్లె పాలు పోసేవాళ్లకు ఆ లింకే పంపండి. ఏ లింకు నుంచి ఎంతమంది వచ్చారో లెక్క తెలుస్తుంది. ఒక పల్లె లింకు నుంచి నలుగురే వచ్చారంటే ఆ పల్లెకు చానెల్ చేరలేదన్నమాట. అక్కడ మనిషిని పంపడం మానకూడదు. లింకుకు గడువు, ఇంతమందికే అన్న పరిమితి కూడా పెట్టవచ్చు. లింకును రద్దు చేస్తే కొత్తవాళ్లు రాలేరు. అప్పటికే వచ్చినవాళ్లు మాత్రం లోపలే ఉంటారు. ఇది తెలియక చాలామంది లింకు తీసేసి పీడ వదిలిందనుకుంటారు.

ఇప్పుడు ముందే రాసిపెట్టి వేళకు వెళ్లేలా చేసే పోస్టులు. రాసినదాన్ని పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకుంటే Schedule Message వస్తుంది. తేదీ, వేళ ఇస్తే చాలు. ఆ వేళకు మన ఫోను ఆఫ్‌లో ఉన్నా, కరెంటు పోయినా, టెలిగ్రామ్ సర్వరే పంపేస్తుంది. ఏడాది ముందు దాకా, ఒక చానెల్‌లో 100 దాకా ఇలా వరుసలో పెట్టవచ్చు. వసతి ఇదే, ప్రమాదమూ ఇదే. ఊళ్లో పరిస్థితి మారినా ఆ పోస్టుకు తెలియదు.

ఒక సొసైటీ ఉందనుకుందాం. పాలు పోసేవాళ్లు 160 మంది. గురువారం పొద్దున 9 గంటలకు డైరీ ముందు టీకా అని సోమవారం పశువుల డాక్టరు చెప్పారు. సెక్రటరీ వెంటనే ఒక పోస్టు వేశారు. బుధవారం సాయంత్రం 7 గంటలకు ఒకటి, గురువారం తెల్లవారుజామున 5:30కి ‘ఆవుల్ని మేతకు తోలొద్దు’ అని మరొకటి వరుసలో పెట్టారు. బుధవారం 4 గంటలకు డాక్టరు ఫోను. మందు రాలేదు, శనివారానికి మార్చాం అని. సెక్రటరీ హడావుడిగా సోమవారం పోస్టును దిద్ది శనివారం అని మార్చి, పని అయిందనుకున్నారు. కాలేదు. దిద్దిన పోస్టుకు ఎవరి ఫోనూ మోగదు. దాన్ని అప్పటికే వేరే గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేసినవాళ్ల దగ్గర పాత గురువారమే మిగిలి ఉంటుంది. పైగా వరుసలో ఉన్న రెండు పోస్టులూ వేళ తప్పకుండా వెళ్లి, లేని టీకాకు ఆవుల్ని కట్టేయిస్తాయి.

చేయవలసిన వరుస వేరు. ముందు రాసే పెట్టె పక్కన క్యాలెండరు గుర్తు నొక్కి, వరుసలో ఉన్న రెండు పోస్టులనూ తీసేయాలి. రెండోది, కొత్త పోస్టు వేయాలి. మొదటి మాటే ‘రద్దు’ అని ఉండాలి, తర్వాత గురువారం టీకా లేదు, శనివారం ఫలానా తేదీ, 9 గంటలకు అని. మూడోది, సోమవారం పోస్టును దిద్ది పైన ‘రద్దయింది’ అని రాయాలి. పూర్తిగా తీసేస్తే, తర్వాత వెతికేవాళ్లకు ఏం జరిగిందో అర్థం కాదు. చివరగా కొత్త పోస్టును పిన్ చేయాలి. ఈ గొడవ తగ్గాలంటే మొదటి రోజు నుంచే రెండు అలవాట్లు ఉండాలి. ఏ ప్రకటనలోనూ ‘రేపు’ అని రాయొద్దు, వారం, తేదీ రాయండి. వారం దాటిన పనిని వరుసలో పెట్టొద్దు. షెడ్యూల్ చేసే పనిని కూడా ఒక్కరికే అప్పగించాలి. ముగ్గురూ చేస్తే ఏది ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తుండదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఈ పత్రిక చదివే మీకు తెలుగు లిపి వచ్చు. టేకల్‌లో తెలుగు మాట్లాడే చాలామందికి రాదు, కన్నడ అక్షరాలే వచ్చు. కొందరు పెద్దవాళ్లకు రెండూ రావు. కాబట్టి ప్రతి ముఖ్య ప్రకటననూ కన్నడలో నాలుగు వరుసలు రాసి, వెంటనే అదే సంగతిని తెలుగులో అర నిమిషం వాయిస్‌గా చెప్పాలి. డైరీలో రోజూ వినే సెక్రటరీ గొంతే అయితే నమ్మకం కూడా కలుగుతుంది.

పోస్టు కింద కన్ను గుర్తు పక్కన వచ్చే అంకెను చూసి మురిసిపోకండి. ఎవరు చూశారో అది చెప్పదు. ఫార్వర్డ్ అయిన చోట చూసినవాళ్లు కూడా అందులో కలుస్తారు. కాబట్టి ఆ అంకె 160 దాటినా 160 ఇళ్లకూ చేరినట్టు కాదు. టీకా రోజున ఎన్ని ఇళ్ల ఆవులు వచ్చాయన్నదే నికరమైన లెక్క.

నా మాట ఒక్కటే. వచ్చే మీటింగులో చానెల్ పెట్టాలని తీర్మానించే ముందు, సొసైటీ రిజిస్టరులో రెండు పేర్లు రాయించండి. కబురు వేసేది ఎవరు, అది మారితే వరుసలోంచి తీసి రద్దు ప్రకటించేది ఎవరు. ఒకే మనిషి అయినా సరే, పేరు రాసి ఉండాలి, డాక్టరు దగ్గర ఆ మనిషి ఫోను నంబరు ఉండాలి. ఆ రెండో పేరు తేల్చలేని సొసైటీ చానెల్ పెట్టకపోవడమే మేలు.

— మాలూరు వాసి