ఎల్బీనగర్ రోగులు, దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థులు

మాన్‌హటన్ ప్లాట్ అంటే చుక్కల చిత్రం. జబ్బు ఉన్నవాళ్ల డీఎన్‌ఏనూ లేనివాళ్ల డీఎన్‌ఏనూ లక్షల చోట్ల పోల్చి, ఒక్కో చోటుకు ఒక్కో చుక్క పెడతారు. అడుగున క్రోమోజోములు వరుసగా ఉంటాయి. కనబడిన తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంత తక్కువైతే చుక్క అంత పైకి పోతుంది: లక్షలో ఒకటైతే 5, కోటిలో ఒకటైతే 7. లక్షల పోలికల్లో కొన్ని ఊరికే పైకి లేస్తాయి గనక హద్దు గీతను 7.3 దగ్గర గీస్తారు.

గీత దాటినంత మాత్రాన ఆ చుక్క జబ్బు సంగతే చెబుతోందని కాదు. ఒక ఊహాలెక్క చూడవచ్చు. ఎల్బీనగర్ ఆసుపత్రుల నుంచి 1000 మంది షుగర్ రోగులనూ, పోలికకు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి 1000 మంది కోచింగ్ విద్యార్థులనూ తీసుకున్నారనుకుందాం. (వయసు తేడా మరో పెద్ద లోపం, దాన్ని పక్కన పెడదాం.) రోగుల్లో 800 మంది ఒక సమూహం వారు, 200 మంది మరో సమూహం వారు. విద్యార్థుల్లో ఇది తారుమారు. షుగర్‌తో ఏ సంబంధమూ లేని ఒక డీఎన్‌ఏ రూపం మొదటి సమూహంలో 30 శాతం, రెండోదానిలో 50 శాతం ఉంది. కలిపి లెక్కిస్తే రోగుల్లో 34, విద్యార్థుల్లో 46 శాతం వస్తుంది. చుక్క 14 దాకా ఎగబాకుతుంది! ఏ సమూహానికా సమూహం విడిగా చూస్తే రోగికీ విద్యార్థికీ తేడా సున్నా. పాపులేషన్ స్ట్రాటిఫికేషన్ అంటే ఇదే.

మన దగ్గర ఈ చిక్కు ఊళ్ల మధ్యే కాదు, ఒకే వీధిలోనూ ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ బృందంతో కలిసి 2009లో 25 సమూహాలపై పత్రం ప్రచురించారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల పక్కపక్కనే బతికే సమూహాల మధ్య కూడా డీఎన్‌ఏ తేడాలు నిలిచిపోయాయని అందులో తేలింది. తెలుగు వైశ్యులు దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఆపరేషన్లలో కండరాలను సడలించే ఒక మందును విరగ్గొట్టే ఎంజైము లోపం వారిలో ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇలాంటి మోసాన్ని పసిగట్టడానికి, పైకి లేచిన చుక్కల గోపురం ఆకారం కొంత సాయపడుతుంది. దగ్గరదగ్గర డీఎన్‌ఏ రూపాలు కలిసే వారసత్వంగా వస్తాయి గనక నిజమైన గోపురం చుట్టూ మెట్లలా ఇతర చుక్కలు పేరుకుంటాయి. ఒంటరి చుక్క చాలాసార్లు ప్రయోగశాల పొరపాటు. అయితే స్ట్రాటిఫికేషన్ గోపురానికీ మెట్లుంటాయి. అందుకే చిత్రం అడుగు చూడాలి. సమూహాల తేడా జీనోమ్ అంతటా ఉంటుంది కాబట్టి నేలే పైకి లేస్తుంది. నడిమి చుక్క బలం ఉండాల్సినదానికి ఎన్ని రెట్లుందో లాంబ్డా అనే అంకె చెబుతుంది. అది 1 దగ్గర ఉండాలి. లక్షలమందితో చేసిన అధ్యయనాల్లో మాత్రం, వందల జన్యువులు నిజంగానే పనిచేసే జబ్బులకు ఏ తప్పూ లేకుండానే అది పెరుగుతుంది.

దిద్దుబాటుకు, డీఎన్‌ఏ పోలికలను బట్టి ప్రతి మనిషికీ ఒక స్థానం కట్టి, దాన్ని లెక్కలో కలుపుతారు. 2006 నుంచి ఈ ప్రిన్సిపల్ కాంపొనెంట్ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. రెండు సమూహాలూ రెండు వైపులా కొంతైనా కలిసి ఉంటేనే అది పనిచేస్తుంది. రోగులంతా ఒక సమూహం, విద్యార్థులంతా మరో సమూహం అయితే జబ్బు తేడా ఏదో, వంశం తేడా ఏదో విడదీసే గణితం లేదు. మనుషులను మళ్లీ ఎంచుకోవాల్సిందే.