19 మందిని చూపి, 289 మందిని దాచి

దానిమ్మ రసం కంపెనీ పామ్ వండర్‌ఫుల్ వేసిన పిటిషన్‌ను విచారణకు స్వీకరించేందుకు అమెరికా సుప్రీంకోర్టు 2016 మే 2న నిరాకరించింది. ఇది సరైన నిర్ణయం. తమ ప్రకటనలను అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆపడం వాక్‌స్వాతంత్య్రానికి భంగమన్న కంపెనీ వాదన అప్పీలు కోర్టులోనే వీగిపోయింది. మోసపూరితమైన వ్యాపార ప్రకటనకు ఆ రక్షణ లేదు. ఆహార పదార్థాలకు కూడా ఖరీదైన పరీక్షలు అడిగితే పరిశోధనే ఆగిపోతుందన్న అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అందుకే అప్పీలు కోర్టు, రెండు పరీక్షలు కావాలన్న కమిషన్ షరతును సడలించి, జబ్బును తగ్గిస్తుందని చెప్పాలంటే పకడ్బందీగా జరిపిన పరీక్ష కనీసం ఒక్కటైనా చూపమంది. ఇంతకన్నా తక్కువ అడగడం సాధ్యం కాదు. ఇవన్నీ పక్కన పెడదాం. ఆ కంపెనీ ఏళ్ల తరబడి జనానికి చెప్పిన ఒకే ఒక్క మాట గురించి తేల్చుకోవలసి ఉంది. రోజూ దానిమ్మ రసం తాగితే ధమనుల్లో పూడిక 30 శాతం వరకు తగ్గుతుందన్నదే ఆ మాట.

ఆ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఇజ్రాయెల్‌లోని హైఫాలో మైకేల్ అవిరామ్ బృందం జరిపి, 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం నుంచి. అందులో పాల్గొన్నది 19 మంది. అందరూ వయసు మళ్లినవారే, అందరికీ మెడలోని ధమనులు తీవ్రంగా మూసుకుపోయాయి. వారిలో పదిమంది రోజుకు 50 మిల్లీలీటర్ల రసం తాగారు, తొమ్మిదిమంది తాగలేదు. ఏడాది తరువాత స్కానింగ్‌లో ధమని గోడ మందం తాగినవారిలో 30 శాతం వరకు తగ్గిందని, తాగనివారిలో 9 శాతం పెరిగిందని రాశారు. తాగనివారికి రసంలాగే కనిపించే వేరే పానీయం ఏదీ ఇవ్వలేదు కాబట్టి ఎవరు ఏ జట్టులో ఉన్నారో రోగులందరికీ తెలుసు. కొలిచింది మెడలోని రక్తనాళం గోడ మందాన్ని, ప్రకటన మాట్లాడింది ధమనుల్లోని పూడిక గురించి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రెండు జట్లవారూ తమ మందులను యథాతథంగా వాడుతూనే ఉన్నారు. అంటే ఆ అధ్యయనాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మినా, అది చెప్పేది మాత్రలు వేసుకుంటూ రసం తాగిన పదిమంది గురించే. మాత్రలకు బదులు రసం తాగినవారు అందులో ఒక్కరూ లేరు. ఈ ముక్క ఏ ప్రకటనలోనూ పెద్దక్షరాలకు నోచుకోలేదు.

పదిమందితో జరిగిన ప్రయత్నం ఆశ పుట్టించడం తప్పు కాదు. శాస్త్రం అలాగే మొదలవుతుంది. ఆ ఆశ నిజమో కాదో తేల్చడానికి కంపెనీ స్వయంగా డబ్బు పెట్టి పెద్ద పరీక్ష చేయించింది కూడా. 289 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 240 మిల్లీలీటర్ల దానిమ్మ రసం, మరో జట్టుకు అదే రంగు, రుచి ఉన్న ఉత్తుత్తి పానీయం ఏడాదిన్నర పాటు ఇచ్చారు. 18 నెలల తరువాత చూస్తే, మొత్తం మీద రెండు జట్ల మధ్య ధమని గోడ మందంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న కొందరిలో కొంత మేలు కనిపించిందని రచయితలే అన్నారు గానీ, అది ఫలితం వచ్చాక వెతికి తీసిన ఉపజట్టు. నమ్మాలంటే దాని మీద మరో పరీక్ష జరగాలి. ఈ ఫలితం 2006లోనే కంపెనీకి అందింది. పత్రికలో అచ్చయ్యేసరికి 2009 వచ్చింది. ఆ మధ్యకాలంలో కంపెనీ ప్రచారంలో 30 శాతం మాట మోగుతూనే ఉంది. తెలియక చేసిన పొరపాటైతే క్షమించవచ్చు. తన సొమ్ముతో చేయించిన పరీక్షే కాదన్న మాటను, ఆ సంగతి తెలిసిన తరువాత కూడా గుండెజబ్బు భయంతో ఉన్న మనిషి ముందు పెట్టి సీసా అమ్ముకోవడాన్ని ఏమనాలి? కోట్ల డాలర్ల వైద్య పరిశోధన మా వెనుక ఉందని గొప్పలు పోయిన సంస్థ, ఆ పరిశోధనలో తనకు నచ్చిన పేజీని మాత్రమే చూపించింది. ఇది అతిశయోక్తి కాదు, దగా.

రసంలో అసలు మంచే లేదని మేము అనడం లేదు. కొన్ని చిన్న పరీక్షల్లో పై రక్తపోటు కొద్ది అంకెలు తగ్గిన మాట నిజం. కానీ కొలెస్ట్రాల్ విషయంలో అలాంటి భరోసా కూడా లేదు. 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణ 12 పరీక్షలను కలిపి చూసి, చెడ్డ కొలెస్ట్రాల్‌లోనూ మంచి కొలెస్ట్రాల్‌లోనూ గణనీయమైన మార్పేమీ లేదని తేల్చింది. స్టాటిన్ మాత్ర చేసే పనిలో ఇది పదోవంతు చేస్తుందని చెప్పే ఆధారం కూడా లేదు. అయినా ‘పండు రసమే కదా, తాగితే పోయేదేముంది’ అని అడిగేవారున్నారు. పోయేది మాత్ర. ఈ ప్రకటనలు ఎక్కువగా ఆకర్షించేది ఎవరిని? అప్పటికే బీపీకో కొలెస్ట్రాల్‌కో రోజూ మాత్ర వేసుకుంటూ, దాన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని ఎదురుచూస్తున్నవారిని. అలాంటివారు రసం మొదలుపెట్టి మాత్ర మానేస్తే ఒంట్లో ఏ బాధా తెలియదు. బీపీ పెరిగినా, కొలెస్ట్రాల్ పెరిగినా నొప్పి ఉండదు. బయటపడేది పక్షవాతంగానో గుండెపోటుగానో.

మాత్ర మానకుండా రసం తాగేవారికీ కొంత జాగ్రత్త అవసరం. ఒక పెద్ద గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల రసంలో పొటాషియం 500 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, చక్కెర దాదాపు 30 గ్రాములు. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి మాత్రలు వాడేవారి శరీరం పొటాషియంను బయటకు పంపడంలో నెమ్మదిస్తుంది. మూత్రపిండాలు బాగున్నవారికి అప్పుడప్పుడు తాగే గ్లాసుతో ఇబ్బంది రాదు. క్రియాటినిన్ పెరిగినవారు, స్పైరనోలాక్టోన్ కూడా వాడుతున్నవారు మాత్రం రోజూ తాగాలనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పి, రక్తంలో పొటాషియం పరీక్ష చేయించుకోవాలి. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందస్తు హెచ్చరిక ఉంటుందన్న నమ్మకం లేదు. కూర్చుని లేవగానే కళ్లు తిరుగుతుంటే బీపీ మరీ పడిపోతోందేమో కొలిపించుకోవాలి. కొలెస్ట్రాల్ మాత్రల సంగతిలో అటువైపు అతిశయోక్తికీ మేము ఒప్పుకోం. దానిమ్మ రసం గ్రేప్‌ఫ్రూట్ రసంలా స్టాటిన్ల మోతాదును రక్తంలో పెంచేస్తుందన్న భయం ప్రయోగశాలలో పుట్టింది, మనుషుల మీద జరిపిన పరీక్షల్లో అది అంతగా రుజువు కాలేదు. రోసువాస్టాటిన్ వాడుతూ ఈ రసం తాగిన 48 ఏళ్ల వ్యక్తికి కండరాలు తీవ్రంగా దెబ్బతిన్నాయని 2006లో ఒక నివేదిక వచ్చింది. కానీ అతనికి అంతకుముందే కండరాల ఇబ్బంది ఉండి ఉండవచ్చు, కాబట్టి తప్పంతా రసానిదే అనలేం. కారణం లేకుండా ఒళ్లంతా కండరాల నొప్పులు, ముదురు గోధుమ రంగు మూత్రం కనిపిస్తే మాత్రం, రసం తాగినా తాగకున్నా, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అమెరికా తీర్పు అక్కడి కంపెనీకే వర్తిస్తుంది. ఆ 30 శాతం మాట మాత్రం సముద్రాలు దాటి మన ఫోన్లలో తిరుగుతోంది. అనంతపురం రైతు పండించే పండుకు ఈ అబద్ధం అక్కర్లేదు, అది పండుగానే అమ్ముడుపోతుంది. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం ఇచ్చింది. గుండె పేరు చెప్పి రసం అమ్మే ఏ సంస్థ అయినా ఒక అధ్యయనాన్ని ఉదహరిస్తే, అందులో ఎంతమంది పాల్గొన్నారో, వారు మందులు వాడుతున్నారో లేదో, అదే విషయం మీద వ్యతిరేక ఫలితం వచ్చిన పరీక్ష ఏదైనా ఉందో అదే ప్రకటనలో అదే సైజు అక్షరాల్లో చెప్పాలని ఆహార భద్రత సంస్థ ఆదేశించాలి. చెప్పని ప్రకటనకు ఆ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి.