ఇంటి లెక్కలు: పది లక్షల పేచీ

రామమూర్తినగర్ నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఊళ్లో ఉన్న పాత ఇల్లు అమ్మగా, పన్నూ ఖర్చులూ పోను, పది లక్షల రూపాయలు వారి మామగారి చేతికి వచ్చినవట. బెంగుళూరులో కొడుకు కొన్న ఫ్లాటు మీద బ్యాంకు బాకీ ఇంకా నలభై లక్షలున్నది. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు ఇంకా పదిహేనేళ్లు, నెలకు కంతు 39,390 రూపాయలు.

మామగారు ఆ పది లక్షలూ బాకీకి జమ కట్టేయమంటారు. "పదిహేడు లక్షల వడ్డీ మిగులుతుంది, ఇంకేం ఆలోచన?" అన్నది ఆయన వాదం. మరిదిగారు వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు, లెక్కలు తెలిసినవాడు. "పన్ను రాయితీ పోతే అప్పు మనకు పడేది ఆరు శాతం లోపే. ఫండులో పన్నెండు వస్తుంది. అప్పు తీర్చడం తెలివితక్కువ" అంటాడు. తండ్రీ కొడుకులు పది రోజులుగా భోజనాల దగ్గర సరిగా మాట్లాడుకోవడం లేదట. "మా వారు ఎటూ చెప్పలేక నాకేసి చూస్తున్నారు. మీరైనా చెప్పండి" అని సోదరి ముగించారు.

మేము రెండు లెక్కలూ వేసి చూశాము. ఇద్దరి లెక్కలోనూ ఒక్కొక్క పొరపాటున్నది.

ముందు మరిదిగారి ఆరు శాతం సంగతి. ఆదాయపు పన్ను ముప్ఫై శాతం మెట్టులో ఉన్నవారికి సెస్సు కలిపి 31.2 శాతం పడుతుంది. కట్టిన వడ్డీ మొత్తం ఆదాయంలోంచి తీసివేయనిస్తే, ఎనిమిదిన్నర శాతం అప్పు నిజానికి 5.85 శాతానికే పడినట్లు. ఇది పుస్తకాలలో ఉండే లెక్క, తప్పు కాదు. కాని అది ఎవరికి వర్తిస్తుందో చూడాలి.

మేము తిరిగి వ్రాసి, భర్తగారు పన్ను ఏ పద్ధతిలో కడుతున్నారని అడిగాము. రెండేళ్లుగా కొత్త పద్ధతిలోనే కడుతున్నారని జవాబు వచ్చింది. కొత్త పద్ధతిలో, తాము కాపురముంటున్న ఇంటి అప్పు మీద వడ్డీకి రాయితీ లేనే లేదు. గనుక వారికి అప్పు ఖరీదు పూర్తిగా ఎనిమిదిన్నర. మరిదిగారి వాదంలో సగం ఇక్కడే కూలిపోయింది.

పాత పద్ధతిలోనే ఉన్నవారు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. వారికి కూడా ఒక మాట చెప్పాలి. పాత పద్ధతిలో సొంత కాపురపు ఇంటికి వడ్డీ రాయితీ ఏడాదికి రెండు లక్షలు మించదు. నలభై లక్షల బాకీ మీద మొదటి ఏడాది వడ్డీయే 3,35,000 దాకా అవుతుంది. పది లక్షలు ముందుగా కడితే అది 2,46,000కు దిగుతుంది. దిగినా రెండు లక్షల పైనే ఉన్నది. అంటే రాయితీలో ఒక్క రూపాయి కూడా పోలేదు, ఆదా అయిన వడ్డీ అంతా రాయితీ లేని పై భాగంలోంచే ఆదా అయింది. తీర్చిన పది లక్షలకు ఆ ఏడాది పన్ను పోనిచ్చి లెక్కకట్టినా ఎనిమిదిన్నరే పడుతుంది గాని 5.85 కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మొత్తం అప్పుకు సగటు ఖరీదు వేరు, తీర్చబోయే భాగం ఖరీదు వేరు. మనం తూచవలసింది రెండవదాన్ని.

బాకీ 23,50,000 రూపాయల దరికి దిగినప్పుడు ఏడాది వడ్డీ రెండు లక్షల దగ్గరకు వస్తుంది. అక్కడినుంచి తీర్చే ప్రతి రూపాయికీ రాయితీ తగ్గుతుంది, అప్పు నిజంగానే చవక అవుతుంది. భార్యాభర్తలిద్దరి పేరా ఇల్లూ అప్పూ రెండూ ఉండి, ఇద్దరూ కంతు కడుతూ, ఇద్దరూ పాత పద్ధతిలోనే ఉంటే చెరి రెండు లక్షలు వస్తుంది. అట్టి ఇంట్లో మరిదిగారి మాటే నిజం కావచ్చును. ఈ సోదరి ఇంట అప్పు భర్తగారి ఒక్కరి పేరనే ఉన్నది.

ఇక మామగారి పదిహేడు లక్షలు. పది లక్షలు కట్టి, కంతు మార్చకుండా అదే 39,390 కడుతూ పోతే, బాకీ నూట ఎనభై నెలలకు బదులు నూటపది నెలలకే తీరిపోతుంది. డెబ్భై కంతులు తప్పుతాయి. వడ్డీ లెక్క తేడా 17,60,000 పైచిలుకు, ఆయన అన్నది అంకెల్లో సరే. అయితే ఆ సొమ్ము ఇప్పుడు చేతికి రాదు. తొమ్మిదేళ్లు దాటాక నెల నెలా కట్టనక్కరలేని కంతు రూపంలో వస్తుంది. అప్పుడు ఆ కంతును మళ్లీ ఎక్కడైనా వేస్తేనే అది సొమ్ము. కొత్త కారుకో, మరో ఫ్లాటుకో మళ్లితే మిగిలిందేమీ ఉండదు.

కాబట్టి రెంటినీ ఒకే చోట, పదిహేనేళ్ల చివర నిలబెట్టి చూద్దాం. అప్పు తీర్చి, తప్పిన డెబ్భై కంతులనూ అదే వడ్డీ వచ్చేలా దాచారనుకుంటే, పదిహేనేళ్లకు చేతిలో 35,60,000 దాకా ఉంటుంది. పది లక్షలు ఎనిమిదిన్నర శాతానికి నెలవారీ చక్రవడ్డీతో పెరిగినా సరిగ్గా ఇంతే వస్తుంది. అంటే అప్పు తీర్చడమన్నది ఎనిమిదిన్నర శాతం ఖాయంగా వచ్చే, పన్ను లేని డిపాజిట్ వంటిది. అట్టి డిపాజిట్‌ను ఏ బ్యాంకూ మనకు ఇవ్వదు. ఏడు శాతం డిపాజిట్ మీద ముప్ఫై శాతం మెట్టువారికి పన్ను పోగా మిగిలేది ఐదు కూడా కాదు. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్లకూ అదే మెట్టు పన్ను. గనుక అప్పుతో పోటీకి నిలవగలిగినది షేర్ల ఫండు ఒక్కటే.

షేర్ల ఫండులో ఏడాది దాటి ఉంచిన సొమ్ము మీద లాభానికి, 2024 జూలై 23 నుంచి, పన్నెండున్నర శాతం పన్ను. ఏడాదికి లక్షా పాతికవేల లాభం దాకా మినహాయింపు ఉన్నది. ఒక్కసారే అంతా అమ్మి, సెస్సుతో సహా పన్ను కట్టాక కూడా 35,60,000 చేతికి రావాలంటే, ఫండు పదిహేనేళ్లూ సగటున ఏడాదికి తొమ్మిదిన్నర శాతం పెరగాలి. మనం దాటవలసిన గడప అది. పదకొండు పెరిగితే పన్ను పోను 43 లక్షలు దాటుతుంది, ఏడున్నర లక్షలు ఎక్కువే. తొమ్మిది పెరిగితే 33 లక్షల దగ్గర ఆగి, రెండున్నర లక్షలు తగ్గుతుంది. ఏడే పెరిగితే పాతికన్నర లక్షలు, అంటే పది లక్షల కొరత.

మరిదిగారి పన్నెండు అసాధ్యమని మేమనము. పదిహేనేళ్ల గడువులో మన షేర్ల బజారు అంతకన్న ఎక్కువ ఇచ్చిన కాలాలూ ఉన్నవి. కాని 2008 జనవరిలో 21,000 దగ్గర ఉన్న సెన్సెక్సు 2009 మార్చిలో 8,000 చిల్లరకు పడింది. 2013 డిసెంబరులో చూస్తే మళ్లీ 21,000 దగ్గరే. డివిడెండ్లు పక్కన పెడితే ఆరేళ్లు ఎదుగూ బొదుగూ లేదు. ఆ ఆరేళ్లూ బ్యాంకు కంతు మాత్రం ఒక్క నెల ఆగదు. పైగా ఫండు కంపెనీ ఖర్చు కింద తీసుకునేది మన పెరుగుదలలోంచే తీస్తుంది. ఏజెంటు ద్వారా కొన్న ఫండుకూ, నేరుగా కొన్నదానికీ ఏడాదికి అర శాతం నుంచి ఒక శాతం దాకా తేడా ఉంటుంది. తొమ్మిదిన్నర గడప దాటడంలో ఆ శాతం చిన్నది కాదు.

మధ్యలో ఒక మాట. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2025లో ఆరున్నర నుంచి ఐదుంబావుకు దిగింది. రెపోకు కట్టిన అప్పుల వడ్డీ దానితోపాటు దిగాలి. ఇంకా ఎనిమిదిన్నర దగ్గరే ఉన్నవారు తమ అప్పు దేనికి కట్టి ఉన్నదో ముందు బ్యాంకులో అడగడం మంచిది. పాత పద్ధతి రేటు మీద ఉంటే కొద్ది రుసుముతో మార్పించుకోవచ్చును. వడ్డీ ఎంత దిగితే, పైన చెప్పిన గడప కూడా దాదాపు అంతే దిగుతుంది. అప్పుడు ఫండు వైపు కొంచెం మొగ్గు వస్తుంది.

మా అభిప్రాయం అడిగారు గనుక చెప్పాము. ఖాయమైన ఎనిమిదిన్నరను వదిలి, వస్తుందో రాదో తెలియని పదకొండు వెంట వెళ్లాలంటే, ఆ సొమ్ము పదిహేనేళ్లు ముట్టనక్కర లేనిదై ఉండాలి. ఈ ఇంట్లో సంపాదన ఒక్కరిది, అదీ సాఫ్టువేరు ఉద్యోగం, మామగారికి డెబ్భై దాటినవి. చేతిలో వేరే నిల్వ లేదని సోదరే వ్రాశారు. బాకీకి కట్టిన సొమ్ము వెనక్కు రాదు, ఉద్యోగం పోయిన నెల బ్యాంకు దాన్ని తిరిగి ఇవ్వదు. గనుక మూడు లక్షలు విడిగా డిపాజిట్‌లో ఉంచి, ఏడు లక్షలు బాకీకి కట్టమన్నాము. కంతు మార్చకుండా ఉంటే బాకీ నూట ఇరవై ఎనిమిది నెలలకు తీరుతుంది, నాలుగేళ్ల పైన కలిసి వస్తుంది. ఫండు ముచ్చటకు మరిదిగారు తన జీతంలోంచి నెల నెలా వేసుకోవచ్చును. ఆయనకు అప్పు లేదు, వయసున్నది. మారే వడ్డీ గృహఋణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది గనుక ఆ భయం అక్కరలేదు.

కిందటి వారం రెండవ ఉత్తరం వచ్చింది. ఏడు లక్షలూ కట్టారట. మామగారూ మరిదిగారూ కలిసే బ్యాంకుకు వెళ్లారట. నాలుగు రోజులకు ఫోనుకు వచ్చిన సందేశంలో "మీ కొత్త కంతు 32,497" అని ఉన్నది. ఇంట్లో అందరూ సంతోషించారు, మరిదిగారికి మాత్రం అనుమానం వచ్చింది. బ్యాంకువారు గడువు తగ్గించడానికి బదులు కంతు తగ్గించారు, పదిహేనేళ్ల గడువు అలాగే ఉన్నది. మర్నాడు వ్రాతమూలకంగా అర్జీ ఇచ్చి, కంతు తిరిగి 39,390 చేయించి, కొత్త కంతుల పట్టిక తీసుకుని, చివరి వరుసలో నెల ఏదో చూసుకుని వచ్చారట. పట్టిక నకలు మామగారు తన పెట్టెలో పెట్టుకున్నారని సోదరి వ్రాశారు.