విదేశీ విందుకు మన చెనక్కాయలు చాలు

అన్నలూ, అక్కలూ! హాస్టల్లో విదేశీ విందంటే పిజ్జానే ఎందుకు? దానికి చీజ్, ఓవెన్ కావాలి. మేమైతే మాఫే అంటాం. సెనెగల్, మాలి దేశాల చెనక్కాయల కూర ఇది. సరుకులన్నీ ఏర్పేడు అంగట్లోనే దొరుకుతాయి.

10 మందికి కిలోన్నర కోడి, పావుకిలో చెనక్కాయ గింజలు తీసుకుందాం. గింజలు వేయించి, పొట్టు తీసి, నీళ్లు లేకుండా నూనె ఊరేదాకా రుబ్బాలి. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, మిరపకాయలతో కోడి సగం ఉడికాక, ఆ ముద్దను వేడినీళ్లలో కలిపి పోయాలి. సన్నసెగ మీద కలుపుతానే ఉండాలి, లేకుంటే అడుగంటుతుంది. పైన నూనె తేలితే అయినట్టే. తాలింపు, గరం మసాలా వద్దు. వేస్తే మన కూరే అయిపోతుంది.

సెనెగల్‌లో అన్నంతో తింటారు. మనం సంగటి పెడదాం. రాగులూ ఆఫ్రికా నుంచి వచ్చినవే. సంగటి తినేదానికి నామోషీ పడే తమ్ముళ్లకు ఆ రాత్రే ఈ మాట చెబుదాం.